ఇంకో మనిషి కావాలంటే లెక్క చూపాలి

డిపార్ట్‌మెంట్‌లో పని పెరిగింది, ఇంకో మనిషి కావాలి. మేనేజర్ హెచ్‌ఆర్‌కు చెబితే వాళ్లు ఒక ఫారం పంపుతారు. అందులో ‘జస్టిఫికేషన్’ అనే చిన్న గడి ఉంటుంది. చాలామంది అందులో రాసేది ఒక్కటే: ‘పనిభారం ఎక్కువగా ఉంది, సిబ్బంది రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుంటున్నారు.’ ఆ మాట నిజమే కావచ్చు. కానీ సంతకం పెట్టాల్సిన ఫైనాన్స్ హెడ్ బల్ల మీద అలాంటివే ఇంకో పది ఫారాలుంటాయి. అన్ని డిపార్ట్‌మెంట్లలోనూ జనం ఆలస్యంగానే ఇళ్లకు వెళుతున్నారు. ఎవరి కష్టం ఎక్కువో తేల్చడం ఆయన పని కాదు. ఏ పోస్టుకు డబ్బిస్తే కంపెనీకి ఏమొస్తుందన్నదే ఆయన చూస్తాడు. ఆ ప్రశ్నకు జవాబుగా రాసే ఒకటి రెండు పేజీల కాగితాన్నే బిజినెస్ కేస్ అంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జీడిమెట్లలో మధ్యతరహా ఇంజినీరింగ్ కంపెనీ ఒకటి ఉందనుకోండి. సరుకు సరఫరా చేసే వెండర్ల బిల్లులు చూసే అకౌంట్స్ విభాగంలో ముగ్గురున్నారు. రెండేళ్ల కిందట నెలకు 1,500 బిల్లులొచ్చేవి, ఇప్పుడు 2,400 వస్తున్నాయి. అక్కడి మేనేజర్ నాలుగో మనిషిని అడగాలి.

మొదట తేల్చాల్సింది పని ఎంతుందన్నది. ఒక బిల్లు వస్తే దాన్ని పర్చేజ్ ఆర్డర్‌తోనూ, స్టోర్స్ వాళ్లు సరుకు అందిందని రాసిన జీఆర్‌ఎన్‌తోనూ పోల్చి చూడాలి. రేటూ పరిమాణమూ కలిస్తేనే పుస్తకాల్లోకి ఎక్కించాలి. నాలుగు రోజులు గడియారం పెట్టుకుని చూస్తే సగటున బిల్లుకు 13 నిమిషాలు పట్టిందనుకుందాం. 2,400 బిల్లులకు 520 గంటలు. మనిషికి నెలకు 200 గంటల డ్యూటీ ఉన్నా సెలవులు, మీటింగులు, ‘నా పేమెంట్ ఏమైందండీ’ అని వెండర్లు చేసే ఫోన్లు పోను బిల్లుల పనికి మిగిలేది 140 గంటలు. ముగ్గురికీ కలిపి 420. లోటు 100 గంటలు.

మనిషి 140 గంటలు పనిచేస్తాడు, లోటు 100 గంటలే. అంటే కావాల్సింది ముప్పాతిక మనిషి కూడా కాదు. ఇక్కడే చాలామంది 13 నిమిషాలను 15 చేసేస్తారు. అలా చేయకూడదు. ఫైనాన్స్ హెడ్ ఒకప్పుడు బిల్లులు పాస్ చేసినవాడే, ఆ పెంపు ఆయన కంట పడుతుంది. ఒక అంకె అబద్ధమని తేలితే మిగతావీ నమ్మడు. 100 అనే రాసి, మిగిలిన 40 గంటలు దేనికి వాడతారో చెప్పడం మేలు. దానికి ఈ మేనేజర్ దగ్గర మంచి జవాబే ఉంది.

కొందరు వెండర్లు పది రోజుల్లో డబ్బిస్తే 2 శాతం తగ్గిస్తారు. ఈ కంపెనీ అలాంటి వాళ్ల దగ్గర ఏటా 1.2 కోట్ల సరుకు కొంటుంది. రావాల్సిన తగ్గింపు 2.4 లక్షలు, నిరుడు దక్కింది 60 వేలు. అంటే 1.8 లక్షలు చేజారాయి. ఈ వాదన వినగానే ఫైనాన్స్ హెడ్ ఒకటి అడుగుతాడు: ‘మేడమ్, ఆ బిల్లులు మీవాళ్లు చూడక ఆగాయా, మా దగ్గర డబ్బుల్లేక ఆగాయా?’ అసలు పరీక్ష ఇదే. క్యాష్ లేక ఆగితే నలుగురు కాదు, పద్నాలుగు మంది వచ్చినా తగ్గింపు దక్కదు. అందుకే అడగకముందే ఓ వంద బిల్లులు తీసి మూడు తేదీలు పక్కపక్కన రాసుకోవాలి: బిల్లు అందిన రోజు, పాస్ అయిన రోజు, డబ్బు వెళ్లిన రోజు. మొదటి రెంటి మధ్య పదిహేను రోజులూ, తర్వాతి రెంటి మధ్య మూడు రోజులూ ఉంటే ఆలస్యం మనుషుల దగ్గరే ఉన్నట్టు. తిరగబడితే ఆ ఫారం పక్కన పెట్టేయడమే మంచిది.

ఇంకో ఆశ పెట్టే అంకె కూడా ఉంది. ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న తయారీదారులకు, సేవలందించేవారికి ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలి. గడువు దాటి మార్చి 31 నాటికి బాకీగా మిగిలితే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయంలోంచి తీసేయనివ్వరు. 2023 బడ్జెట్‌లో వచ్చిన నిబంధన ఇది. మన కంపెనీకి అలాంటి బాకీ 40 లక్షలుంటే, పాతిక శాతం లెక్కన ఆ ఏడాది పన్ను సుమారు 10 లక్షలు పెరుగుతుంది. వెంటనే ‘పోస్టు ఇవ్వకపోవడం వల్ల 10 లక్షల నష్టం’ అని రాయాలనిపిస్తుంది. కానీ బాకీ తీర్చిన ఏడాదిలో ఆ ఖర్చు మళ్లీ చూపించుకోవచ్చు. పన్ను ముందు కట్టాల్సి వచ్చింది, అంతే. నిజమైన నష్టం ఆ 10 లక్షల మీద ఏడాది వడ్డీ. పది శాతం చొప్పున లక్ష. రాయాల్సింది ఆ లక్షే. ఆలస్యానికి వెండర్ అడగగల చక్రవడ్డీని, రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు ఉండేదాన్ని, ‘రిస్క్’ కింద విడిగా ఒక వాక్యంలో పెట్టాలి. ఇంతవరకూ ఎవరూ అడగని డబ్బును ఆదాలో కలిపితే లెక్క మొత్తం పలచబడుతుంది.

మేనేజర్ సమయం నెలకు ఇరవై గంటలు మిగులుతుందని రూపాయల్లోకి మార్చి చూపడమూ ఇలాంటిదే. ఆమె జీతమేమీ తగ్గదు కదా.

ఏజెన్సీ నుంచి తెచ్చే తాత్కాలిక మనిషి నెలకు 22 వేల చొప్పున ఆరు నెలలున్నాడు. ఆ 1,32,000 మాత్రం నికరంగా మిగులుతుంది. మొత్తం కలిపితే ఏడాదికి 4,12,000.

ఇక ఖర్చు. జీతం 30 వేలని రాసి ఊరుకుంటే హెచ్‌ఆర్ తిప్పి పంపుతుంది. ఏడాది జీతం 3,60,000. అందులో బేసిక్ 15 వేలైతే దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 21,600, గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది సుమారు 8,700. వైద్య బీమా 8 వేలు. మొత్తం దాదాపు 4 లక్షలు. మొదటి ఏడాది లాప్‌టాప్, సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు 55 వేలు, మనిషిని వెతికిపెట్టే కన్సల్టెంట్‌కు 30 వేలు అదనం. అంటే 4.83 లక్షలు. వచ్చినవాడు పని నేర్చుకునేసరికి నాలుగు నెలలు పోతాయనుకుంటే తొలి ఏడాది లాభంలో మూడింట రెండు వంతులే దక్కుతుంది, సుమారు 2.75 లక్షలు. రెండు లక్షల పైచిలుకు లోటు. రెండో ఏడాది ఇంక్రిమెంటు కలిపినా దాదాపు సరికి సరి.

ఈ లోటును దాచకుండా రాస్తేనే కాగితం నిలబడుతుందని నా అభిప్రాయం. సరికి సరి అయ్యే పోస్టుకు కూడా ఆమోదం దొరుకుతుంది, రిస్క్ తగ్గుతుందని, బిల్లులు ఇంకా పెరుగుతున్నాయని నెలవారీ అంకెలతో చూపిస్తే.

చివరి అడ్డంకి సాఫ్ట్‌వేర్. ‘బిల్లు స్కాన్ చేసి తనే పోల్చుకునేది వచ్చిందటగా?’ అని అడుగుతారు. దానితో బిల్లుకు 9 నిమిషాలే పడుతుందని అమ్మేవాళ్లు చెప్పారనుకుందాం. అన్నిటికీ అయితే 360 గంటలే, కొత్త మనిషి అవసరమే లేదు. కానీ ఇక్కడ సగం బిల్లులు పర్చేజ్ ఆర్డర్ నంబరు లేకుండా, చేతిరాత చలాన్లతో వస్తాయి. వాటికి అది పనికిరాదు. అప్పుడు మొత్తం 440 గంటలు. లోటు 20 గంటలకు తగ్గుతుంది గానీ తీరదు, తగ్గింపు బిల్లుల వెంటపడే తీరికా రాదు. దాని ఖర్చు ఏటా 6 లక్షలైతే మనిషే చవక. ఈ పోలిక వాళ్లు అడిగాక కాదు, మొదటే కాగితంలో ఉండాలి. ఆర్డర్ నంబరు లేని బిల్లు తీసుకోవద్దని కొనుగోళ్ల విభాగంతో మాట్లాడారా అన్నదానికీ జవాబు సిద్ధంగా ఉండాలి.

ఫారం ఎప్పుడు ఇస్తారన్నదీ తక్కువ విషయం కాదు. ఏప్రిల్‌లో మొదలయ్యే బడ్జెట్‌ను చాలా కంపెనీలు జనవరి, ఫిబ్రవరిల్లో ఖాయం చేస్తాయి. అప్పటికి పోస్టు అందులో చేరితే సులువు, లేకపోతే ‘బడ్జెట్‌లో లేని పోస్టు’ అని ఇంకో మెట్టు పైకి వెళ్లాలి. ఆమోదం వచ్చినా ఎంపికైన మనిషికి పాత కంపెనీలో రెండు నెలల నోటీసు ఉండొచ్చు. ఈలోగా ఆర్థిక సంవత్సరం ముగిస్తే ఆ ఆమోదం చెల్లుతుందా, మళ్లీ అడగాలా అన్నది హెచ్‌ఆర్‌ను ముందే కనుక్కోవాలి.