వాన గొట్టం: మింగేది మూతే

డాబా మీద పడిన వాన నీటిని గోడ తడవకుండా నేలకు దించడమే వాన గొట్టం పని. 1240లో ఇంగ్లండు రాజు మూడో హెన్రీ, లండన్ టవర్‌లో కొత్తగా సున్నం వేయించిన తెల్ల బురుజు గోడలు వాన కారి పాడవకూడదని, సీసపు దోనెల్ని నేల దాకా దించమని ఆజ్ఞాపించాడు. అప్పటి సీసం తరవాత పోత ఇనుమైంది, ఇప్పుడు పీవీసీ అయింది. పని మాత్రం మారలేదు. పెద్ద వాన పడితే డాబా చెరువై, మెట్లగది గడప దాటి నీళ్ళు లోపలికి రావడమూ మారలేదు. అలా జరిగినప్పుడు గొట్టం సన్నగా ఉందని అందరూ అంటారు. నిజానికి చాలా ఇళ్ళలో గొట్టంలో బోలెడు చోటు ఖాళీగానే ఉంటుంది. లోపం గొట్టం మూతి దగ్గర ఉంటుంది.

సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో కనిపించే మామూలు ఇంటినే లెక్కకు తీసుకోవచ్చు. నలభై అడుగుల పొడవు, ముప్ఫై అడుగుల వెడల్పు డాబా, చుట్టూ పిట్టగోడ, ఒక మూలకు వాలు, ఆ మూలన నాలుగంగుళాల గొట్టం ఒకటి. డాబా వైశాల్యం దాదాపు 111 చదరపు మీటర్లు. ఈ డాబాకు ఎంత వాన పడిందన్నదాని కంటే ఎంత వేగంగా పడిందన్నదే ముఖ్యం. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 గంటల్లో 24 సెంటీమీటర్ల వాన నమోదైంది. దాన్ని రోజంతా సమంగా పంచితే గంటకు ఒక సెంటీమీటరే. ఈ డాబా మీద అది సెకనుకు మూడోవంతు లీటరుకు మించదు, ఏ గొట్టమైనా దించేస్తుంది. కానీ వాన అలా సమంగా పడదు. డాబా నీళ్ళు మూతి దాకా చేరడానికి పట్టేది కొద్ది నిమిషాలే కాబట్టి, రోజు మొత్తంలో ఆ ఉద్ధృతమైన నిమిషాలే లెక్క. గంటకు 75 మిల్లీమీటర్ల వేగంతో కురిస్తే ఈ డాబా నుంచి సెకనుకు 2.3 లీటర్లు దిగాలి.

దేశంలో ఇంజనీర్లు వాడే నేషనల్ బిల్డింగ్ కోడ్ పట్టిక ప్రకారం, ఆ వేగపు వానకు నాలుగంగుళాల గొట్టం 57 చదరపు మీటర్ల పైకప్పుకు సరిపోతుంది. మన డాబా దానికి దాదాపు రెట్టింపు కాబట్టి రెండు గొట్టాలు కావాలి. అయితే ఆ 57 చదరపు మీటర్ల నీరు సెకనుకు 1.2 లీటర్లే. నిలువుగా నిలబెట్టిన నాలుగంగుళాల గొట్టం, మూడోవంతు కూడా నిండకుండానే, సెకనుకు పది లీటర్లు దాటి దించగలదు. ఇంత గొట్టానికి అంత తక్కువ పని ఎందుకు అప్పగించారన్న ప్రశ్నకు జవాబు మూతి దగ్గర దొరుకుతుంది.

డాబా మీద గుండ్రటి మూతి పైకి తెరుచుకుని ఉందనుకుందాం. పల్చటి నీటి పొర నలువైపులా నుంచి వచ్చి దాని అంచు మీదుగా లోపలికి జారుతుంది. మూతి మధ్య భాగం ఖాళీగానే ఉంటుంది, పనిచేసేది చుట్టూ ఉన్న అంచు మాత్రమే. నీటి ఇంజనీర్లు దీన్ని కట్ట మీద పొర్లే ప్రవాహంగా లెక్కగడతారు. ఈ దశలో సెకనుకు పోయే లీటర్లు రావాలంటే, మూతి వ్యాసాన్ని నీటి లోతు ఒకటిన్నర ఘాతంతో గుణించి, 7500తో భాగించాలి. వ్యాసం, లోతు రెండూ మిల్లీమీటర్లలో ఉండాలి. వంద మిల్లీమీటర్ల మూతికి 2.3 లీటర్లు మింగాలంటే పైన 31 మిల్లీమీటర్ల నీళ్ళు నిలవాలి. రెండు మూతులుంటే 20 చాలు. పట్టిక రాసినవాళ్ళు గొట్టానికి అంత తక్కువ అప్పగించింది ఇందుకే కావచ్చు. ఆ లెక్క పాటిస్తే నాలుగంగుళాల మూతి మీద రెండు సెంటీమీటర్లకు మించి నీరు నిలవదు.

ఈ దశలో ఒక సుఖం ఉంది. నీరు రెట్టింపైనా లోతు ఒకటికి 1.6 అవుతుంది, అంతే. కానీ లోతు మూతి వ్యాసంలో సగం దాటగానే, అంటే ఐదు సెంటీమీటర్ల దగ్గర, తీరు మారిపోతుంది. అంచు మునిగి మూతి మొత్తం నీటితో మూసుకుపోతుంది, నీరు రంధ్రంలో నుంచి దూరినట్టు పోతుంది. అక్కడి నుంచి ప్రవాహం లోతు వర్గమూలంతో మాత్రమే పెరుగుతుంది. నీరు రెట్టింపైతే లోతు నాలుగింతలు కావాలి. వానలో గొట్టం గుడగుడమంటూ గాలి మింగుతున్న చప్పుడు వినిపిస్తే, మూతి ఈ రెండు దశల మధ్య ఊగుతోందని అర్థం. ఆ తరవాత డాబా మీద నీరు చాలా త్వరగా పెరుగుతుంది.

పద్మారావు నగర్ ఇళ్ళలో మూతి పైకి చూడడం అరుదు. గొట్టం ముక్కను పిట్టగోడలో నుంచి అడ్డంగా బయటికి పెట్టి, బయట ఎల్బో తగిలించి కిందికి దింపుతారు. శ్లాబు పగలగొట్టక్కర్లేదు, లోపలి గదిలోకి కారుతుందన్న భయమూ ఉండదు. కానీ అడ్డంగా ఉన్న మూతికి చుట్టూ అంచు లేదు, అడుగున ఉన్న చిన్న వంపు మాత్రమే ఉంది. పాతిక మిల్లీమీటర్ల నీటిలో పైకి చూసే మూతి సెకనుకు 1.67 లీటర్లు మింగితే, అదే గొట్టం గోడలో అడ్డంగా ఉంటే 0.35 లీటర్లే మింగుతుంది, దాదాపు అయిదోవంతు. మన ఇంటి 2.3 లీటర్లు దాని గుండా పోవాలంటే దాదాపు ఏడు సెంటీమీటర్ల నీరు నిలవాలి. నూటికి ఒకటి వాలున్న డాబాలో ఏడు సెంటీమీటర్లంటే, నీటి అంచు మూతి నుంచి ఏడు మీటర్లు వెనక్కి పాకుతుంది. పైగా గచ్చు చేసేటప్పుడు గొట్టం అడుగు గచ్చు కంటే అరంగుళం పైకి ఉండిపోవడం మామూలే. వాన వెలిశాక రెండు రోజులైనా మూలన నీటి చారిక ఎండకపోతే అదే కారణం.

దీనికి పెద్ద గొట్టం కంటే తక్కువ ఖర్చుతో అయ్యే ఉపాయం, మూతి ముందు అడుగున్నర చదరంలో గచ్చును అయిదు సెంటీమీటర్లు పల్లం చేసి, గొట్టం అడుగును ఆ పల్లానికి కలపడం. మూతికి కావలసిన ఏడు సెంటీమీటర్లలో అయిదు ఆ గుంటలోనే దొరుకుతాయి, డాబా మీద రెండు సెంటీమీటర్లు నిలిస్తే చాలు. గొట్టమే మార్చాలనుకుంటే వ్యాసం విలువ ఎక్కువని గుర్తుంచుకోవాలి. వంద మిల్లీమీటర్ల వేగపు వానకు అదే పట్టికలో మూడంగుళాల గొట్టానికి 20.4 చదరపు మీటర్లు, నాలుగంగుళాలకు 42.7. ఒక్క అంగుళానికి రెట్టింపు.

ఇక ఆకుల సంగతి. ఈ పేటలో ఇళ్ళను ఆనుకుని వేప, కానుగ, తురాయి చెట్లుంటాయి. వేప ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు రాలుస్తుంది. ఆ ఎండుటాకు మూడు నెలలు డాబా మీద దుమ్ముతో కలిసి, జూన్ తొలి వానకు ఒక్కసారిగా మూతికి చేరుతుంది. పెద్దదైన కానుగాకు ఒక్కటే జాలీ రంధ్రాల మీద పరుచుకుంటుంది, నీటి బరువు దాన్ని అక్కడే అదిమి పట్టి ఉంచుతుంది. తురాయి రెబ్బలు జాలీని దాటిపోతాయి గానీ కింద ఎల్బో దగ్గర మట్టితో కలిసి గట్టి పొర కడతాయి. మూల పగుళ్ళలో పక్షులు వేసిన రావి గింజ మొలిచిందంటే, వేళ్ళు గొట్టం జాయింటులోకే పోతాయి.

జాలీ పెట్టడమే మూతి శక్తిని సగం చేస్తుందని ఐరోపా ప్రమాణాలు లెక్కగడతాయి. పైకి చూసే మూతి ఉన్నా, మన ఇంట్లో లోతు 31 మిల్లీమీటర్ల నుంచి 50కి చేరుతుంది. ఆకులు మిగిలిన దాంట్లో మరో సగం మూస్తే మూతి రెండో దశలోకి జారి, అదే నీటికి 19 సెంటీమీటర్ల లోతు అడుగుతుంది. ఇరవై నిమిషాల వానలో డాబా మీద అంత నీరు చేరదు. నీరు వాలు మూలన నిలిచి, వాన తగ్గాక నెమ్మదిగా దిగుతుంది. వాన గంటల తరబడి సాగితేనే గడప మునిగే ప్రమాదం. గచ్చుకు సమంగా ఉండే జాలీ కంటే బోర్లించిన గిన్నెలా పైకి లేచిన జాలీ మేలు. ఆకులు దాని అడుగున పేరుకున్నా, నీరు కాస్త లేచి పై రంధ్రాల్లోంచి పోతుంది.

రేకుల షెడ్డు చూరుకు కట్టిన గట్టర్‌కు ఆ వెసులుబాటు లేదు. నీరు నిలవడానికి అక్కడ చోటుండదు, నిండగానే పొర్లుతుంది. ముప్ఫై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు ఉన్న రేకులకు ఆరంగుళాల వెడల్పు గట్టర్ కట్టి, ఒక చివర మూతి పెట్టారనుకుందాం. గంటకు వంద మిల్లీమీటర్ల వానలో దాదాపు 1.2 లీటర్లు పారాలి. గట్టర్ పూర్తిగా సమతలంగా ఉన్నా నీరు తన వాలు తానే చేసుకుంటుంది. మూతి దగ్గర లోతు 18 మిల్లీమీటర్లైతే, అవతలి చివర దానికి మూడు వర్గమూలం రెట్లు, అంటే 31 ఉంటుంది. రాపిడి వల్ల ఇంకొంచెం ఎక్కువే. అందుకే గట్టర్ పొర్లిన చోటు చూస్తే రోగం తెలుస్తుంది. మూతి ఎదురు చివర పొర్లితే గట్టర్ చిన్నది, లేదా వాలు తిరగబడింది. మూతి దగ్గరే పొర్లితే ఆకు అడ్డం పడింది, లేదా కింద గొట్టం మూసుకుంది.

గట్టర్‌కు 120కి ఒకటి వాలు ఇవ్వాలన్నది మన నిర్మాణ పద్ధతుల్లోని మాట. ముప్ఫై అడుగులకు అది మూడంగుళాల దింపు. అంత దింపితే పల్లపు చివర గట్టర్ రేకు అంచుకు మూడంగుళాలు కిందికి పోతుంది, జోరువానలో రేకు మీంచి దూకే నీరు దాన్ని దాటి అవతల పడుతుంది. వాలు రెట్టింపు చేసినా నీటి వేగం ఒకటికి 1.4 మాత్రమే అవుతుంది కూడా. దీనికంటే మూతిని మధ్యకు మార్చడం ఎంతో మేలు. రెండు వైపుల నుంచీ సగం సగం నీరు వస్తుంది, చివరల్లో లోతు 31 నుంచి 20 మిల్లీమీటర్లకు పడిపోతుంది.

మూతి దాటిన నీరు గొట్టం గోడకు అతుక్కుని, మధ్యలో గాలి దారి వదిలి, గొట్టంలా జారుతుంది. 1961లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ తరఫున వైలీ, ఈటన్ ప్రచురించిన పరిశోధన ఈ ప్రవాహాన్ని లెక్కగట్టింది. గోడ రాపిడి వల్ల కొద్ది మీటర్లలోనే వేగం స్థిరపడుతుంది, అయిదో అంతస్తు నుంచి దిగినా రెండో అంతస్తు నుంచి దిగినా ఆ వేగంలో పెద్ద తేడా ఉండదు. ఇబ్బంది అడుగున, బెండు దగ్గర. నిలువుగా దిగిన నీరు అక్కడ ఒక్కసారి నెమ్మదించి లేస్తుంది. నూటికి ఒకటి వాలున్న నాలుగంగుళాల అడ్డ గొట్టం ఆరు లీటర్లు పోనిస్తుంది, నాలుగు వందలకు ఒకటైతే మూడే. అందులో మట్టి సగం నిండితే మన ఇంటి 2.3 లీటర్లకు కూడా చాలదు. అప్పుడు నిలువు గొట్టం కింది నుంచి నిండుకుంటూ వస్తుంది. వేలితో తడుతూ వెళితే ఖాళీ భాగం బోలుగా మోగుతుంది, నిండిన భాగం మొద్దుగా పలుకుతుంది. సొల్యూషన్ రాయకుండా గుచ్చిన జాయింట్లు ఆ బరువుకు చిమ్ముతాయి. ఈ అడ్డ గొట్టాన్ని మురుగు లైనుకు కలిపితే వీధి మ్యాన్‌హోల్ నిండినప్పుడు నీరు వెనక్కి తంతుంది. ఇంకుడు గుంతకు కలపడమే సరైన దారి, గుంత ముందు మట్టి నిలిచే చిన్న తొట్టి ఉండాలి.

మూతి అసమర్థతను తలకిందులు చేసిన ఆలోచన 1960ల చివర్లో ఫిన్లాండ్‌లో పుట్టింది. ఎబెలింగ్ అనే ఇంజనీరు మూతి మీద ఒక పలకను బోర్లించి, సుడి తిరిగి గాలి లోపలికి పోకుండా చేశాడు. గాలి లేకపోతే గొట్టం పూర్తిగా నిండుతుంది, అప్పుడు భవనం ఎత్తంత నీటి స్తంభం కింది నుంచి లాగుతుంది. మూతి దగ్గర కొన్ని సెంటీమీటర్ల లోతుతో నడిచే పని ఇప్పుడు మీటర్ల ఎత్తుతో నడుస్తుంది కాబట్టి, సన్నటి గొట్టాలు పెద్ద కప్పుల్ని ఖాళీ చేస్తాయి. అడ్డ గొట్టాలకు వాలు కూడా అక్కర్లేదు. గిడ్డంగులకు, విమానాశ్రయాలకు ఇప్పుడు ఈ పద్ధతి వాడుతున్నారు. కానీ ప్రతి గొట్టం పొడవూ వ్యాసమూ ముందే లెక్కవేయాలి, చిన్న వానలకు అదీ మామూలు గొట్టంలాగే నడుస్తుంది, సన్నటి మూతి ఆకులకు మరింత లోకువ. పన్నెండు వందల అడుగుల డాబాకు పల్లపు గుంట, రెండో మూతి, గిన్నె జాలీ చాలు. జూన్ రాకముందు ఒకసారి, వానలు పడే నెలల్లో ప్రతి పెద్ద వాన తరవాత ఒకసారి జాలీ చుట్టూ ఆకులు తీయాలి.