ఫొటో రాకపోతేనేం... మూడు ముక్కలు రాయండి!

బట్టలు ఉతకడం అయింది, నీళ్లు మాత్రం పోలేదు. వాషింగ్‌మెషీన్ ఆగిపోయి, డిస్‌ప్లేలో రెండక్షరాలు వెలిగాయి. ఆ ఇల్లాలు ఫొటో తీసి మెకానిక్‌కు పంపారు. ఫొటో చేరలేదు, 'ఈ ఎర్రర్ వస్తోంది, ఏం చేయాలి?' అన్న ప్రశ్నే చేరింది. ఏ ఎర్రరని చెప్పగలడాయన? పైగా ఒకే కోడ్‌కు ఒక్కో కంపెనీలో ఒక్కో అర్థం.

అందుకే మూడు సంగతులు రాయమన్నాడు. కోడ్, కనిపించినది కనిపించినట్టే: OE. మోడల్ నంబరు: ఆ ఫ్రంట్‌లోడ్ మెషీన్ స్టిక్కర్ మీద ఉంది. మూడోది, మెషీన్ తీరు: 'డ్రమ్ములో నీళ్లు నిలిచాయి. కిందనుంచి గుర్రుమని చప్పుడొస్తోంది.'

ఆ చప్పుడే గుట్టు విప్పింది. ఆ మోడల్‌లో OE అంటే నీళ్లు బయటికి పోవడం లేదని. చప్పుడుందంటే పంపుకు కరెంటు అందుతున్నట్టే. ఏదో అడ్డుపడి ఉండాలి. చప్పుడే లేకపోతే పంపునో వైరింగునో అనుమానించాలి. అది మెకానిక్ వచ్చి చూడాల్సిన పని.

ఆమె ప్లగ్ తీసేశారు. నీళ్లు వేడిగా లేవని చూసుకుని, ముందువైపు కింద ఉన్న సన్నగొట్టంతో పళ్లెంలోకి వదిలారు. ఆ తర్వాతే ఫిల్టర్ విప్పారు. లోపల ఉండకట్టిన పీచు, మధ్యలో రూపాయి బిళ్ల! శుభ్రం చేసి బిగించాక నీళ్లు గలగలా పోయాయి.