కింద కూర్చుని చూస్తే బకెట్టు మూతి గీతే

ఎనిమిదో తరగతి డ్రాయింగు పీరియడు. గది మధ్యలో స్టూలు మీద స్టీలు బకెట్టు పెట్టి, చుట్టూ కూర్చున్న పిల్లల్ని చూసి గీయమన్నారు మాస్టారు. తర్వాత ముప్ఫై బొమ్మల్నీ నేల మీద పరిచి, పోల్చి చూసి ర్యాంకులు వేశారు. బెంచీల మీద చోటు లేక నేల మీద కూర్చుని గీసిన అమ్మాయికి ఇరవై రెండో ర్యాంకు వచ్చింది. బొమ్మ కింద ఎర్ర సిరాతో ‘మూతి తప్పు’ అని ఉంది. ఇది ఊహించి చెబుతున్న సందర్భమే, కానీ ఏ బడిలోనైనా జరగగలదు. ఆ అమ్మాయి మాస్టారికి ఉత్తరం రాయాలనుకుంటే అందులో ఏం ఉండాలి?

ముందు బకెట్టు సంగతి. స్టూలు ఎత్తు 45 సెంటీమీటర్లు, బకెట్టు ఎత్తు 30. అంటే మూతి నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. బెంచీ మీద కూర్చున్న పిల్లవాడి కన్ను సుమారు 105 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. రెండు మీటర్ల దూరం నుంచి అతనికి గుండ్రటి మూతి నొక్కినట్టు కనిపిస్తుంది. దాని ఎత్తు వెడల్పులో ఏడో వంతు ఉంటుంది. బకెట్టు లోపలి గోడ కూడా కొంచెం కనబడుతుంది. నేల మీద కూర్చున్న అమ్మాయి కన్ను మాత్రం 70 సెంటీమీటర్ల దగ్గరే ఉంది, మూతి కన్నా కాస్త కిందికి. ఆమెకు లోపలి భాగం కనిపించదు. మూతి దాదాపు అడ్డగీత, మధ్యలో మాత్రం పైకి కొద్దిగా వంగి ఉంటుంది. ఆమె గీసింది అదే.

ఇరవై తొమ్మిది బొమ్మల్లో మూతి తెరుచుకుని ఉండి, ఒక్కదాంట్లో గీతలా ఉంటే ఆ ఒక్కటే తప్పనిపిస్తుంది. పక్కపక్కన పెట్టి పోల్చడంలో ఉన్న ప్రమాదం ఇదే. చూడాల్సింది పక్క బొమ్మను కాదు, పిల్ల కూర్చున్న చోటి నుంచి వస్తువును. అందుకే ఉత్తరం ఇలా ఉంటే పని జరుగుతుంది:

‘గౌరవనీయులైన డ్రాయింగు మాస్టారికి నమస్కారాలు. నా బకెట్టు బొమ్మకు ఇరవై రెండో ర్యాంకు వచ్చింది. మూతి తప్పని మీరు రాశారు. ఆ రోజు నేను కిటికీ వైపు నేల మీద కూర్చున్నానండి. అక్కడి నుంచి నాకు బకెట్టు లోపలి భాగం కనిపించలేదు. మీకు వీలున్నప్పుడు బకెట్టును అదే స్టూలు మీద పెట్టి, నేను కూర్చున్న చోటి నుంచి ఒకసారి చూస్తారా? చూశాక కూడా తప్పే అనిపిస్తే ఎక్కడ తప్పానో చెప్పండి, మళ్లీ గీస్తాను. షేడింగు సరిగ్గా రాలేదని నాకూ తెలుసు. ఇట్లు, మీ విద్యార్థిని.’

ఇందులో తోటి పిల్లల బొమ్మల ఊసు లేకపోవడం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. మార్కులైతే ఒకరికి రెండు కలిపినా ఇంకొకరికి పోయేదేం లేదు. ర్యాంకులో ఒకరు పైకి వస్తే మరొకరు కిందికి దిగాల్సిందే. ‘ఫలానావాడి బొమ్మ కన్నా నాది బాగుంది’ అని రాస్తే మాస్టారు ఆ అబ్బాయి తరఫున జవాబు వెతకడం మొదలుపెడతారు. ‘ఇక్కడి నుంచి చూడండి’ అంటే వెళ్లి చూడగలరు. ‘కష్టపడి గీశాను’ అనే మాట నిజమే కావచ్చు గానీ, దాన్ని కాగితం మీద పరీక్షించే దారి లేదు.

మరి గీయడం రాక, చోటు మీద నెపం పెడితే? అదీ బొమ్మే చెప్పేస్తుంది. మూతి ఉన్నది సరిగ్గా కంటి మట్టంలోనైనా, అంతకన్నా కిందైనా, అడుగు ఇంకా కిందే ఉంటుంది. కాబట్టి మూతి కన్నా అడుగు అంచే ఎక్కువ వంపు తిరగాలి. బెంచీ మీది పిల్లలకు మూతి ఏడో వంతైతే, అడుగు దాదాపు మూడో వంతు. నేల మీది అమ్మాయికి మూతి గీతలా ఉన్నా అడుగు ఎనిమిదో వంతు వంపు చూపాలి. మూతి విశాలంగా తెరిచి, అడుగును స్కేలుతో గీసినట్టు తిన్నగా గీస్తే, తిన్నగా నిలబెట్టిన బకెట్టు ఏ బెంచీ నుంచీ అలా కనిపించదు. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇదే. స్టూలు తిన్నగా ఉంది కదా, దాని మీద ఆనిన అడుగూ తిన్నగానే ఉండాలని మనసు చెబుతుంది. అలా గీసిన బొమ్మలు మొదటి పదిలో ఉన్నాయేమో మాస్టారు రెండోసారి చూసినప్పుడు ఆయనకే తెలుస్తుంది, ఆ అమ్మాయి వేలెత్తి చూపనక్కర్లేదు.

మూతి సరైనదే అని తేలినంత మాత్రాన మొదటి ర్యాంకు రాదు. కిటికీ వెలుగు పడిన వైపు, నీడ వైపు ఒకే రంగులో నింపేసి ఉంటే ఆ లోపం అలాగే ఉంటుంది. ఇరవై రెండు కాస్తా పన్నెండు కావచ్చు. ‘మూతి తప్పు’ అన్న మాట మాత్రం కొట్టేయాలి. తర్వాతి పీరియడులో ప్రతి కాగితం వెనకా ఎవరు ఎక్కడ, ఎంత ఎత్తులో కూర్చున్నారో రాయిస్తే మాస్టారికీ ఈ చిక్కు రాదు.