పదకొండున్నరకి నైవేద్యం

వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు అమ్మ ఫోన్లో ఒక ఫొటో పంపింది. రూళ్ల కాగితం మీద నీలం ఇంకుతో ఏడు పంక్తులు, ప్రతి పంక్తి చివర ఒక అంకె. పులిహోర 45, పరమాన్నం 40, గారెలు 30, బూరెలు 1.30, పప్పు-అన్నం 25, వంకాయ కూర 20, చారు 15. మా అద్దింట్లో ఉన్నది రెండు పొయ్యిల స్టవ్వు. అయ్యగారు పూజకి పదింటికి వస్తానన్నారు, నైవేద్యం పదకొండున్నరకి పెట్టాలన్నారు.

నేను చేసిన మొదటి లెక్క ఎవరైనా చేసేదే. అన్నీ కూడితే 265 నిమిషాలు. రెండు పొయ్యిలు కాబట్టి సగం, అంటే రెండుంపావు గంటలు. తొమ్మిదింబావుకి మొదలుపెడితే సరిపోతుందనుకుని, అందరికీ ఇష్టమైన పులిహోరతోనే మొదలుపెట్టాను. పదకొండున్నరకి బూరెల పూర్ణం ఇంకా వేడిగా చేతికి అంటుకుంటోంది. ఆ సంవత్సరం అమ్మవారికి బూరెలు మధ్యాహ్నం ఒంటిగంటకి అందాయి.

తప్పు కూడికలో లేదు, కాగితం మీది అంకెల్ని చదవడంలో ఉంది. అమ్మ రాసిన 1.30 అంటే తన చేతులు పని చేసే సమయం. శనగపప్పు ఉడకడానికి 20 నిమిషాలు, వార్చి రుబ్బడానికి 10, బెల్లంతో దగ్గరపడేదాకా కలపడానికి 15, ఉండలు చెయ్యడానికి 15, వేయించడానికి 30. మొత్తం తొంభై. కుక్కర్లో ఆవిరి దిగే పది నిమిషాలు, పూర్ణం చల్లారే అరగంట ఆ లెక్కలో లేవు. అలవాటైన చేతికి అవి పనులు కావు కదా, ఆ టైములో తను వేరే పని చూసుకుంటుంది. అవి కలిపితే శనగపప్పు పొయ్యెక్కిన దగ్గర్నుంచి బూరె పళ్లెంలో పడేదాకా రెండు గంటల పది నిమిషాలు. ఇంట్లో పది పొయ్యిలున్నా ఆ వరుస అంతకన్నా తగ్గదు.

అందుకే ఇప్పుడు కాగితం రాగానే ప్రతి వంటకాన్నీ మూడుగా విడదీసి రాసుకుంటాను: పొయ్యి మీద ఎంతసేపు, చేతిలో ఎంతసేపు, ఊరికే ఉంచడం ఎంతసేపు. అర్థంకాని చోట ఫోన్ చేస్తాను.

"అమ్మా, గారెలకి ముప్పై అంటే రుబ్బడంతో కలిపేనా?"

"రుబ్బడం ఎందుకు కలుస్తుందే? అది పొయ్యి వెలిగించకముందే అయిపోవాలిగా!"

ఫొటోలో చూసుకోవాల్సిన సంగతులు ఇంకా ఉన్నాయి. పప్పు పక్కన 3 అని ఉంటే అది మూడు కూతలు, మూడు నిమిషాలు కాదు. మడత మీద పడ్డ 15, 45 లాగా కనిపించొచ్చు. అన్నిటికన్నా ప్రమాదం అంచులదే. ఒకసారి "బూరెల తోపుకి మినప్పప్పు, బియ్యం 4 గం. నాన" అని అమ్మ ఎడమ అంచున నిలువుగా రాసింది. ఫొటోలో ఆ అంచు తెగిపోయింది. పొద్దున్న ఏడింటికి తెలిసింది, నానని బియ్యంతో చేసిన తోపు పలుకుగా మిగిలి బూరెలు చిట్లాయి. అప్పట్నుంచి కాగితం నాలుగు మూలలూ కనిపించేలా ఫొటో తియ్యమంటాను, వెనకవైపు కూడా.

విడదీశాక లెక్క వెనకనుంచి కట్టాలి. పదకొండు ఇరవైకి అన్నీ అయిపోవాలి. చివరి గంట వేయింపులకే. మా మూకుడులో వాయికి అయిదు గారెలు పడతాయి, వాయికి అయిదు నిమిషాలు. ముప్పై గారెలంటే ఆరు వాయిలు, అరగంట. బూరెలకీ అంతే. గారెలే ముందు వేస్తాను. ఒక్క బూరె చిట్లినా పూర్ణం నూనెలో పడి మాడుతుంది, ఆ నల్లటి నలకలు తర్వాత వేసే గారెలకి పడతాయి. రెండిటికీ పెద్ద పొయ్యే కావాలి. చిన్న పొయ్యి మీద వాయి వెయ్యగానే నూనె చల్లబడుతుంది, గారె నూనె తాగేస్తుంది. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలిందా లేదా అన్నదే నాకు కొలత.

అంటే పది ఇరవైకి మూకుడు సిద్ధంగా ఉండాలి, అప్పటికి పూర్ణం ఉండలైపోవాలి. గారెలు తడుతూ ఉండలు చుట్టడం ఒక్క మనిషివల్ల కాదు. మొదటిసారి గీసుకున్న పట్టికలో పొయ్యిలు చక్కగా సరిపోయాయి గానీ చేతులు చాల్లేదు. దాంతో మొదలుపెట్టే వేళని ఎనిమిది నలభైకి జరిపాను.

ఎనిమిది నలభైకి పెద్ద పొయ్యి మీద నానిన శనగపప్పు కుక్కరు, చిన్నదాని మీద పరమాన్నానికి పాలు, బియ్యం. సన్నని సెగ మీద ఉడకాల్సింది కాబట్టి దానికి చిన్న పొయ్యే మేలు. తొమ్మిదికి శనగపప్పు దింపి, పులిహోర బియ్యం రెండో కుక్కర్లో ఎక్కిస్తాను. ఆవిరి దిగిన పప్పుని వార్చి రుబ్బితే, తొమ్మిది ఇరవైకి అన్నం దిగేసరికి పూర్ణం ఎక్కించొచ్చు. పరమాన్నం అదే వేళకి దిగుతుంది, బెల్లం మాత్రం వెంటనే వెయ్యను. వేడి పాలల్లో బెల్లం పడితే విరిగే భయం ఉంది, పావుగంట చల్లారాకే కలుపుతాను.

తొమ్మిది ముప్పై అయిదుకి పూర్ణం పళ్లెంలో పరిచేస్తాను. అది చల్లారే అరగంటే నాకు దొరికే అసలైన ఖాళీ. పెద్ద పొయ్యి మీద వంకాయ కూర, చిన్నదాని మీద పప్పూ అన్నం రెండు గిన్నెల్లో ఒకే కుక్కరు. ఇంతలో పులిహోర అన్నం పళ్లెంలో ఆరుతుంది. పులుసు ముందురోజు రాత్రే ఉడికించి పెట్టుకుంటాను కాబట్టి తొమ్మిది యాభై అయిదుకి పోపు వేసి కలిపేస్తే చాలు. పది అయిదుకి ఉండలు చుట్టడం, పక్కన చారు తనంతట తాను మరగడం. మధ్యలో మూకుడులో నూనె పోసి పెద్ద పొయ్యి వెలిగించడం.

మినప్పిండి ఎనిమిదికే రుబ్బి ఫ్రిజ్‌లో పెడతాను. ఉప్పు వేసేది మాత్రం గారె తట్టబోయే ముందే. ముందే వేస్తే పిండి నీరు కారుతుంది, పల్చబడ్డ పిండి మళ్లీ నూనె తాగుతుంది. నైవేద్యానికి రుచి చూడకూడదు కాబట్టి ఏ గిన్నెలో ఎన్ని చెంచాల ఉప్పో అదీ ఆ కాగితం మీదే రాసి ఉండాలి. లేకపోతే చారు దగ్గర అయోమయం.

గీతలు గీసి చూస్తే కనిపించని చిక్కు ఒకటుంది. మా స్టవ్వు మీద మూకుడూ పెద్ద కుక్కరూ పక్కపక్కన పట్టవు, పిడులు తగులుతాయి. పైగా చారు మరిగి చిందిన నీళ్లు వేడి నూనెలో పడితే చిటపటలు. అందుకే పది ఇరవై తర్వాత చిన్న పొయ్యి మీద పప్పు పోపు తప్ప ఇంకేమీ పెట్టను.

పోయినేడు పన్నెండు మంది వస్తున్నారని, అన్నీ రెట్టింపు చెయ్యమన్నారు. అన్ని అంకెలూ రెట్టింపు కావు. కుక్కర్లో బియ్యం రెండు గ్లాసులైనా నాలుగైనా కూతకి ముందు నాలుగైదు నిమిషాలే తేడా. మూకుడు మాత్రం వాయికి అయిదే పడుతుంది, అరవై గారెలంటే గంట, బూరెలకి ఇంకో గంట. అందుకని నైవేద్యానికి రెండు వాయిలు గారెలు, రెండు వాయిలు బూరెలు మాత్రం వేసి, మిగిలిన పిండీ ఉండలూ మూతపెట్టి ఉంచాను. హారతి అయ్యి, వాయనాలు అందుకుని ముత్తైదువలు విస్తళ్ల ముందు కూర్చునేసరికి మళ్లీ మూకుడు వెలిగింది.