కనబడే ఆర్డరు, కనబడని ఆర్డరు

2020 సెప్టెంబరు 29న అమెరికాలోని జేపీ మోర్గాన్ బ్యాంకు 92 కోట్ల డాలర్లకు పైగా కట్టడానికి ఒప్పుకుంది. 2008 నుంచి 2016 దాకా ఆ బ్యాంకు ట్రేడర్లు బంగారం, వెండి వంటి లోహాల ఫ్యూచర్స్‌లో ఉత్తుత్తి ఆర్డర్లు పెట్టి ధరను కదిలించారన్నది ప్రధాన ఆరోపణ. దీనికే స్పూఫింగ్ అని పేరు. ఈ వార్త వచ్చాక చాలామందికి ఒక నమ్మకం బలపడింది: బంగారం ధర మొత్తం బ్యాంకుల చేతిలోనే ఉందని, మనం చూసే రేటు నిజం కాదని. కేసు వివరాలు చూస్తే మాత్రం జరిగింది వేరు. ధర చూసి నగ కొనేవారు ఒకలా, ధరల డేటాతో లెక్కలు కట్టేవారు మరొకలా అర్థం చేసుకోవలసిన సంగతి ఇది.

న్యూయార్క్‌లోని కామెక్స్ ఎక్స్చేంజిలో ఒక బంగారం కాంట్రాక్టు అంటే 100 ట్రాయ్ ఔన్సులు, మన లెక్కలో మూడు కిలోల నూట పది గ్రాములు. ధర కదిలే అతి చిన్న మెట్టు ఔన్సుకు 10 సెంట్లు. ఏ ధరకు ఎంతమంది కొంటామంటున్నారో, ఏ ధరకు ఎంతమంది అమ్ముతామంటున్నారో తెరమీద వరుసగా కనబడుతుంది. దాన్ని ఆర్డర్ బుక్ అంటారు. అయితే ఆర్డరులో కొంత భాగాన్నే చూపించి మిగతాది దాచుకునే వీలును ఎక్స్చేంజే ఇస్తుంది. నీటిపైన కొన మాత్రమే కనిపించే మంచుకొండ పేరుతో దాన్ని ఐస్‌బర్గ్ ఆర్డర్ అని పిలుస్తారు. పెద్ద సరుకు అమ్మేవాడు తన తొందర బయటపడకుండా దీన్ని వాడుకోవడం న్యాయమే.

స్పూఫింగ్ చేసేవాడు ఈ రెంటినీ జోడిస్తాడు. ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. కొనేవారు 1,250 డాలర్లు, అమ్మేవారు 1,250 డాలర్ల 10 సెంట్లు అంటున్నారనుకోండి. మన ట్రేడరు 10 కాంట్రాక్టులు అమ్మాలి. 1,250 డాలర్ల 30 సెంట్ల దగ్గర ఐస్‌బర్గ్ ఆర్డరు పెట్టి, అందులో ఒక్క కాంట్రాక్టే పైకి కనబడేలా చేస్తాడు. ఆ తర్వాత కింది ధరల్లో, 1,249 డాలర్ల 90 సెంట్ల దగ్గర 20, 80 సెంట్ల దగ్గర 20, ఇలా ఐదు మెట్లలో 100 కాంట్రాక్టులు కొంటానని ఆర్డర్లు పేరుస్తాడు. ఇవన్నీ పూర్తిగా కనబడతాయి. కొనడానికి జనం ఎగబడుతున్నారని ఇతరుల కంప్యూటర్లు అనుకుంటాయి, ధర రెండు మూడు మెట్లు పైకి జరుగుతుంది, దాచిన అమ్మకం ఆర్డరు పూర్తవుతుంది. వెంటనే ఆ 100 కాంట్రాక్టుల ఆర్డర్లు మాయం. అంతా కొన్ని సెకన్ల వ్యవహారం. 1,250 డాలర్లకే అమ్మేసి ఉంటే వచ్చేదానికన్నా అతనికి మిగిలింది ఔన్సుకు 30 సెంట్లు, మొత్తం మీద 300 డాలర్లు. ఒక్కసారికి చిన్న మొత్తమే. వేలసార్లు చేశారు కాబట్టే పెద్ద నేరమైంది.

ఆర్డరు రద్దు చేసుకోవడం తప్పు కాదు. నిజాయితీగా వ్యాపారం చేసేవారూ రోజూ బోలెడన్ని రద్దు చేస్తారు. 2010లో వచ్చిన అమెరికా చట్టం నేరంగా చూసేది పెట్టేటప్పుడే రద్దు చేద్దామనే ఉద్దేశంతో పెట్టిన ఆర్డరును. మరి ఉద్దేశాన్ని రుజువు చేసేదెలా? పెట్టిన ప్రతి ఆర్డరూ, రద్దయిన ప్రతి ఆర్డరూ సెకనులో వెయ్యో వంతు దాకా సమయంతో ఎక్స్చేంజి దగ్గర నమోదవుతాయి. ఒకవైపు చిన్న దాపుడు ఆర్డరు నెరవేరగానే రెండోవైపు పెద్ద ఆర్డర్లు రద్దవడం ఒక్కసారి కనబడితే యాదృచ్ఛికం కావచ్చు. అదే వరుస ఏళ్ల తరబడి కనబడితే దాన్ని యాదృచ్ఛికం అనలేం. దానికి తోడు ట్రేడర్ల చాట్ సంభాషణలు, నేరం ఒప్పుకున్న మాజీ సహోద్యోగుల సాక్ష్యాలు దొరికాయి. లోహాల విభాగం అధిపతి మైకేల్ నోవాక్‌ను, బంగారం ట్రేడరు గ్రెగ్ స్మిత్‌ను షికాగో జ్యూరీ 2022 ఆగస్టులో దోషులుగా తేల్చింది. ముఠాగా ఏర్పడి నేరాలు చేశారన్న పెద్ద అభియోగాన్ని మాత్రం కొట్టేసింది. మరుసటి ఏడాది స్మిత్‌కు రెండేళ్లు, నోవాక్‌కు ఒక ఏడాది ఒక రోజు జైలుశిక్ష పడింది.

ఇప్పుడు మన సంగతి. ఆ ట్రేడర్లు ధరను ఏళ్ల తరబడి తొక్కిపట్టలేదు. అమ్మాల్సినప్పుడు పైకి నెట్టారు, కొనాల్సినప్పుడు కిందికి నెట్టారు. అదే కాలంలో ఔన్సు బంగారం 2011లో 1,900 డాలర్లు దాటింది, 2015 చివరికి 1,050 దాకా దిగింది. అంత ఎత్తుపల్లాలు సెకన్ల మోసంతో వచ్చేవి కావు. పై ఉదాహరణలోని 30 సెంట్ల తేడా లక్ష రూపాయల బంగారం మీద పాతిక రూపాయలు కూడా కాదు, అదీ కొన్ని క్షణాలే ఉంటుంది. అంతర్జాతీయ ధర, డాలరుతో రూపాయి మారకం, దిగుమతి సుంకం కలిసి తయారయ్యే మన ఊరి నగల దుకాణం రేటులో దాని జాడ మిగలదు. 2024 జులైలో కేంద్రం దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు పడిన తేడా ముందు ఇది లెక్కలోకే రాదు.

దెబ్బ తినేది వేరేవారు. ఆర్డర్ బుక్ లోతు చూసి, కొనేవాళ్లు ఎక్కువున్నారు కాబట్టి ధర పెరుగుతుందని నిర్ణయించుకునేవారు. ధరకు మరీ దగ్గరగా స్టాప్‌లాస్ పెట్టుకునేవారు. నిమిషం నిమిషం డేటాతో ట్రేడింగ్ పద్ధతిని పరీక్షించుకునేవారు కూడా. ఈ చివరివారు ఒక విషయం గమనించాలి. రద్దయిన ఆర్డర్లు మామూలు ధరల చరిత్రలో కనబడవు. వాటి ప్రభావంతో జరిగిన లావాదేవీలు మాత్రం అందులో ఉండిపోతాయి. శిక్షలు పడ్డాయి కదా అని ఎవరూ ఆ పాత డేటాను దిద్దరు. రెండు మూడు మెట్ల లాభం మీదే నిలబడే పద్ధతి పాత డేటాలో బాగా పనిచేసినట్టు కనబడితే దాన్ని నమ్మకూడదు. రోజువారీ ముగింపు ధరలతో కట్టిన లెక్కకు ఆ భయం చాలా తక్కువ.

చిన్న తేడా పెద్ద దెబ్బ అయ్యే చోటు ఇంకొకటుంది. ఫ్యూచర్స్ కాకపోయినా లండన్‌లో 2012 జూన్ 28న జరిగినది చెప్పుకోవాలి. ఆ మధ్యాహ్నం 3 గంటల ఫిక్సింగ్ ధర 1,558 డాలర్ల 96 సెంట్లు దాటితే బార్‌క్లేస్ బ్యాంకు తన ఖాతాదారుకు 39 లక్షల డాలర్లు ఇవ్వాలి. ఆ బ్యాంకు ట్రేడరు ఒకరు అదే సమయంలో అమ్మకం ఆర్డర్లు పెట్టారు. ధర 1,558 డాలర్ల 50 సెంట్ల దగ్గర ఖరారైంది. తేడా 46 సెంట్లే, ఖాతాదారుకు పోయింది మొత్తం సొమ్ము. తర్వాత బ్యాంకు పరిహారం ఇచ్చింది. 2014లో బ్రిటన్ నియంత్రణ సంస్థ బ్యాంకుపై 2.6 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది.

మన సావరిన్ గోల్డ్ బాండ్లకు గడువు తీరాక చెల్లించే ధరను ఒక్క క్షణం రేటుతో కట్టరు. అంతకుముందు మూడు పనిదినాల ముగింపు ధరల సగటుతో కడతారు. మోసగాడు ఒక్క నిమిషాన్ని కదిలించగలడు కానీ మూడు రోజుల సగటును కదిలించడం చాలా కష్టం. కాబట్టి మీరు బంగారం తాకట్టు పెడుతున్నా, ఏదైనా పథకంలో చేరుతున్నా, బంగారం ధరతో ముడిపడిన ఒప్పందం మీద సంతకం చేస్తున్నా ఒక ప్రశ్న అడగండి: ఏ సంస్థ ప్రకటించిన ధర, ఏ సమయానిది, ఎన్ని రోజుల సగటు? ఆ జవాబును కాగితం మీద రాయించుకోండి.