రవి వంకాయలు కొనడానికి వెళ్తున్నాడు

తెలుగు కొత్తగా నేర్చుకునేవారికి ఇచ్చే మొదటి కథలో వింతలు ఉండవు. ఒకడు బజారుకు వెళ్తాడు, ఏదో అడుగుతాడు, దొరకదు, ఇంకో చోట అడుగుతాడు, దొరుకుతుంది. ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చిన ఒడియా యువకుడికైనా, అమెరికాలో పుట్టి పెరిగిన మనవరాలికైనా మొదటి వారాల్లో ఇలాంటి కథే పనికొస్తుంది. చూడటానికి ఎవరైనా రాసేయగలరనిపిస్తుంది. రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యంలోని క్రియ దగ్గరే చిక్కు మొదలవుతుంది.

ముందు కథ చూడాలి.

రవి రైతుబజారుకు వెళ్తున్నాడు. రవికి వంకాయలు కావాలి.

అక్కడ ఒక అవ్వ ఉంది. “అవ్వా, వంకాయలు ఉన్నాయా?” “లేవు బాబూ. టమాటాలు ఉన్నాయి. టమాటాలు కావాలా?” “వద్దు అవ్వా. వంకాయలు కావాలి.”

రవి ముందుకు వెళ్తున్నాడు. అక్కడ ఒక తాత ఉన్నాడు. ఒక మూట ఉంది. “తాతా, ఇవి వంకాయలా?” “కావు బాబూ. బీరకాయలు. బీరకాయలు కావాలా?” “వద్దు తాతా. వంకాయలు కావాలి.”

రవి ముందుకు వెళ్తున్నాడు. అక్కడ ఒక అక్క ఉంది. “అక్కా, వంకాయలు ఉన్నాయా?” “ఉన్నాయి తమ్ముడూ.” “కిలో ఎంత?” “నలభై.” “అరకిలో కావాలి.”

రవి ఇంటికి వెళ్తున్నాడు. “అమ్మా, ఇవిగో వంకాయలు!” “వంకాయలా? నాకు టమాటాలు కావాలి!”

తెలుగువాళ్ల చెవికి ఈ కథ కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. మనం కథలు ‘వెళ్లాడు, అడిగాడు, కొన్నాడు’ అని చెబుతాం. జరుగుతున్నట్టుగా చెబితే క్రికెట్ వ్యాఖ్యానం విన్నట్టుంటుంది. అయినా మొదటి కథకు వర్తమానమే నయం. భూతకాలంలో క్రియ రూపం ఒక్కోచోట ఒక్కోలా మారుతుంది: చూస్తే ‘చూశాడు’, ఇస్తే ‘ఇచ్చాడు’, పడితే ‘పడ్డాడు’. వర్తమానంలో వెళ్తున్నాడు, చూస్తున్నాడు, ఇస్తున్నాడు, పడుతున్నాడు అంటూ చివర ఒకే తోక కనిపిస్తుంది. పైగా ఆ తోకలో దాగి ఉన్నది ‘ఉన్నాడు’ అనే మాటే. తాత ‘ఉన్నాడు’ అని నేర్చినవాడికి రవి వెళ్తు‘న్నాడు’ సగం తెలిసినట్టే.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం చూసి రాసేవారు ‘రవి బజారుకు వెళ్తాడు’ అని మొదలుపెడతారు. తెలుగులో అది రోజూ వెళ్లే అలవాటైనా కావచ్చు, రేపు వెళ్లబోవడమైనా కావచ్చు. బొమ్మలో రవి సంచి పట్టుకుని నడుస్తుంటే ఆ మాట బొమ్మకు అతకదు. కథానాయకుడు మగవాడు కావడానికీ కారణం ఇదే. ‘సీత వెళ్తోంది’, ‘సీత వెళ్తుంది’ మధ్య తేడా ఒక్క అచ్చు. కొత్త చెవికి అది అందదు. వెళ్తున్నాడు, వెళ్తాడు మధ్య తేడా మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. సీత నాలుగో కథలోనో ఐదో కథలోనో రావచ్చు.

కథలో ‘కావాలి’ ఏడుసార్లు, వంకాయలు ఎనిమిదిసార్లు, ‘వెళ్తున్నాడు’ నాలుగుసార్లు వస్తాయి. కదిలే క్రియ ఆ ఒక్కటే. అడగడం, కొనడం కూడా జరుగుతున్నాయి కానీ వాటికి క్రియలు రాయలేదు, సంభాషణే ఆ పని చేసింది. కూరగాయలన్నీ బహువచనంలో ఉండటమూ యాదృచ్ఛికం కాదు. కొత్తిమీర, బెల్లం చేరిస్తే ‘ఉందా’ అని అడగాలి, అప్పుడు అడిగే రూపాలు రెండవుతాయి. పాలు చేర్చినా ఫర్వాలేదు, పాలు తెలుగులో ఎప్పుడూ బహువచనమే. సంత బదులు రైతుబజారు ఎంచుకోవడం వల్ల అంకెల బరువు తగ్గింది. 1999లో మొదలైన ఈ బజార్లలో ధర బోర్డు మీద రాసి ఉంటుంది. సంతలో అయితే బేరం తప్పదు. ఒక్క వంకాయకే నాలుగు ధరలు వినాల్సి వస్తుంది.

బజారు కథ తెలుగుకు ఇంత బాగా కుదరడానికి అసలు కారణం ‘నో’. ఇంగ్లిష్‌లో ఒక్క మాటతో సరిపోయేది తెలుగులో మూడుగా విడిపోతుంది. సరుకు లేకపోతే ‘లేదు’, అనుకున్న వస్తువు అది కాకపోతే ‘కాదు’, ఇష్టం లేకపోతే ‘వద్దు’. మొదటి రెండూ బహువచనంలో ‘లేవు’, ‘కావు’ అవుతాయి. వ్యాకరణం పుస్తకంలో వీటిని వేర్వేరు పాఠాల్లో చెబుతారు. బజారులో మాత్రం అవ్వ బుట్ట దగ్గర, తాత మూట దగ్గర అవి వాటంతటవే ఎదురవుతాయి. తాత మూట కట్టే ఉండటం అందుకే. విప్పి ఉంటే ‘ఇవి వంకాయలా?’ అని ఎవరూ అడగరు.

కథ ఒకసారి చదివితే సరిపోదు, ప్రతి వాక్యం చుట్టూ ప్రశ్నలు తిరగాలి. అమెరికాలో స్పానిష్ బోధించిన బ్లేన్ రే ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ‘రవికి వంకాయలు కావాలి’ అన్న ఒక్క వాక్యం తీసుకుంటే, మొదటి ప్రశ్న అవుననే జవాబు వచ్చేది: రవికి వంకాయలు కావాలా? రెండోది తప్పు మాటతో: రవికి టమాటాలు కావాలా? మూడోది రెండింట్లో ఒకటి ఎంచుకునేది: వంకాయలు కావాలా, టమాటాలు కావాలా? ఆ తర్వాతే ‘ఏం కావాలి’, ‘ఎవరికి కావాలి’. ‘ఎందుకు’ ఇప్పుడే రాకూడదు. దానికి జవాబు చెప్పే వాక్యం నేర్చుకునేవారి దగ్గర ఇంకా లేదు.

మొదటి మూడు ప్రశ్నల్లో ‘ఆ’ మాట చివరే ఉండాలి. తెలుగులో ఆ దీర్ఘం ఎక్కడ పెడితే అనుమానం అక్కడికి జరుగుతుంది. ‘రవి బజారుకు వెళ్తున్నాడా?’ అంటే వెళ్తున్నాడో లేదో తెలియదు. ‘రవి బజారుకా వెళ్తున్నాడు?’ అంటే వెళ్లడం ఖాయం, ఎక్కడికో తెలియదు. ఇది ముచ్చటైన సంగతే, కాని మొదటి వారానిది కాదు.

అర్థమైందో లేదో తల ఊపడం చూసి చెప్పలేం. అన్నిటికీ ‘అవును’ అనేవారు కథ వినడం లేదు, స్వరం వింటున్నారు. అందుకే తప్పు మాటతో అడిగే రెండో ప్రశ్న ముఖ్యం. వచ్చే తప్పులు కూడా చాలా చెబుతాయి. ‘టమాటాలు కావాలా?’ అంటే ‘లేదు’ అన్నవారికి కథ అర్థమైంది, ‘వద్దు’ ఇంకా పట్టుబడలేదు. అవ్వ బుట్ట దగ్గరికి మళ్లీ వెళ్లాలి. ‘నేను వంకాయలు కావాలి’ అన్నవారు తమ భాషలోని వాక్యాన్నే తెలుగు మాటల్లో పెట్టారు. వారికి నియమం చెప్పేకంటే ‘రవికి కావాలి, అమ్మకు కావాలి, నాకు కావాలి’ అని ముగ్గురి బొమ్మలూ చూపిస్తే త్వరగా దారికొస్తారు.

ఈ కథ తప్పించుకున్న పెద్ద చిక్కు నువ్వు, మీరు. ‘ఉన్నాయా’, ‘కావాలి’, ‘ఎంత’ అన్న మాటల్లో ఎదుటి మనిషి ప్రస్తావనే లేదు. అవ్వా, తాతా, అక్కా అన్న వరసలే మర్యాద నిలబెడుతున్నాయి. అందుకే నేర్చుకున్నవారు మర్నాడే నిజం బజారుకు వెళ్లి ఈ మాటలు భయం లేకుండా వాడగలరు. అయితే అక్కడ వినిపించే తెలుగు ఇలాగే ఉండదు. తెలంగాణలో ‘పోతున్నడు’ అంటారు, బాబూ బదులు ‘బిడ్డా’ అని పిలవవచ్చు. కథలో తాతను ‘ఉన్నాడు’ అనడం కూడా తాత్కాలికమే. ‘ఉన్నారు’ తెలిశాక ఆ వాక్యం దిద్దాలి. రెండో వారంలో ఇదే కథను అమ్మ పక్కింటావిడతో చెబుతుంది: “నిన్న రవి బజారుకు వెళ్లాడు. నాకు టమాటాలు కావాలి. వాడు వంకాయలు తెచ్చాడు.”