ఎవరూ ముట్టుకోని స్టిక్

కొన్నేళ్లు వాడిన గేమ్‌ప్యాడ్‌ను బల్ల మీద పెట్టి చూడండి. ఎవరూ చెయ్యి వేయకపోయినా తెర మీది బొమ్మ మెల్లగా ఎడమకు జరుగుతూ ఉంటుంది. స్టిక్ లోపలి భాగాలు అరిగేకొద్దీ, వేలు తీసినా అది సున్నాకు రాదు, ఏ 0.08 దగ్గరో ఆగిపోతుంది. అందుకని మధ్యలో కొంతమేర వచ్చే అంకెలను లెక్కలోకి తీసుకోరు. ఆ మేరే డెడ్ జోన్.

దీన్ని అడ్డానికి వేరుగా, నిలువుకు వేరుగా పెడితే ఆట పాడవుతుంది. ఆటగాడు కుడికి నెడుతూ కాస్త పైకి వంచాడనుకోండి: అడ్డం 0.9, నిలువు 0.15. హద్దు 0.2 అయితే నిలువు అంకె మాయమై గురి అడ్డగీతకు అతుక్కుపోతుంది. రెండూ కలిపి, కేంద్రం నుంచి ఎంత దూరమో చూడాలి. ఇక్కడది 0.91, హద్దుకు చాలా బయట, కాబట్టి వంపు నిలుస్తుంది.

ఇంకో చిక్కుంది. హద్దు దాటి 0.21 రాగానే బొమ్మ 21 శాతం వేగంతో ఒక్క ఉదుటున కదులుతుంది. మిగిలిన 0.8 మేరను మళ్లీ సున్నా నుంచి ఒకటి దాకా సాగదీస్తే అదే 0.21 కాస్తా 0.0125 అవుతుంది. అప్పుడే మెల్లగా అడుగు వేయించడం కుదురుతుంది.

```
n = sqrt(x*x + y*y)
if n <= d: return (0, 0)
k = min(1, (n - d) / (1 - d))
return (x/n*k, y/n*k)
```

ఇందులో `d` డెడ్ జోన్. నాకు బాగా నచ్చేది `min`. కీబోర్డులో W, D కలిపి నొక్కితే (1, 1) వస్తుంది, అంటే బొమ్మ ఐమూలగా 41 శాతం ఎక్కువ వేగంతో పరిగెడుతుంది. `min` దాన్ని ఒకటికి దించుతుంది. టచ్‌లో వేలు మొదట ఆనిన చోటే కేంద్రం. వేలు వలయం దాటి వెళ్లినా ఆ `min` సరిపోతుంది. అక్కడ అరుగుదల లేదు, వేలి వణుకే, కాబట్టి `d` చిన్నదైనా చాలు. కీబోర్డుకైతే సున్నా.

ఇక మీటలు మార్చుకునే వీలు. ఆట ఎక్కడా "స్పేస్ నొక్కారా?" అని అడగకూడదు, "దూకమన్నారా?" అనే అడగాలి. ఏ మీట ఏ పనికో చెప్పే పట్టిక విడిగా ఉంటే ఆటగాడు మార్చేది దాన్నే. మీటను దాని మీది అక్షరంతో కాక, అది ఉన్న చోటుతో గుర్తుపెట్టుకోవాలి. ఫ్రెంచ్ కీబోర్డులో మన W ఉండే చోట Z ఉంటుంది మరి.

"కొత్త మీట నొక్కండి" అన్న తెర దగ్గరే ఎక్కువ పొరపాట్లు. ఆ తెర తెరవడానికి నొక్కిన ఎంటరే కొత్త మీటగా నమోదైపోతుంది. అందుకే అన్ని మీటలూ వదిలాకే వినడం మొదలుపెట్టాలి. అరిగిన స్టిక్ అయితే ఎవరూ కదపకుండానే తన పేరు రాసేసుకుంటుంది. ఇక్కడ మాత్రం హద్దు 0.2 కాదు, 0.5 పెట్టాలి. పనిచేస్తోందో లేదో చూడాలంటే ఆ తెర తెరిచి, పాత గేమ్‌ప్యాడ్‌ను బల్ల మీద వదిలి, ఓ నిమిషం చేతులు కట్టుకు కూర్చోండి.